ఉయ్యాలను ఆరడుగులకు సాగదీస్తే ఎంతవుతుంది?

టేకు ఉయ్యాల బల్లలు చేయించి అమ్మే ఒకాయన కోసం ఈమధ్య ఒక త్రీడీ మోడల్ చేశాను. అయిదడుగుల బల్ల, వెనక ఆనుకోవడానికి లేత్ మీద తిప్పిన కడ్డీలు, మధ్యలో చెక్కిన పద్మం, నాలుగు ఇత్తడి గొలుసులు. ఆయన గిరాకీలో మంచి భాగం విదేశాల్లో ఉన్న మనవాళ్లదే. వాళ్లు సైట్ తెరిచి, ఫోన్ కెమెరా పట్టుకుని, తమ వరండాలో ఉయ్యాలను అసలు సైజులో నిలబెట్టి చూసుకోవాలన్నది ఆయన కోరిక. ముప్పై రెండు వేలకు మాట్లాడుకున్నాం. పని ముక్కాలు వంతు దాటి రంగుల దగ్గరికి వచ్చాక వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వచ్చింది. పాలిష్ కాస్త ముదురు చెయ్యాలి. గొలుసుల మెరుపు తగ్గించాలి. వెనకవైపు మర మేకులు కనబడటం లేదు. "ఆ చేత్తోనే దీన్ని ఆరడుగులు చేసెయ్యండి, ఇప్పుడందరూ ఆరడుగులే అడుగుతున్నారు."

ఆరడుగులకు అదనంగా అవుతుందన్నాను. పది నిమిషాల్లో మళ్లీ మెసేజ్. వాళ్ల మేనల్లుడు బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటున్నాడట. `S` నొక్కి, `X` నొక్కి, `1.2` కొడితే అయిదు ఆరవుతుందని చెప్పాడట. "దానికి డబ్బులేంటండీ?"

మేనల్లుడు చెప్పింది అబద్ధం కాదు. ఆ మీటలు నొక్కితే మోడల్ నిజంగానే ఆరడుగులవుతుంది. మన వృత్తిలో డబ్బు తగాదాలు చాలావరకు ఇక్కడే పుడతాయి. అవతలి మనిషి మోసగాడు అయ్యుండడు, పిసినారీ అయ్యుండడు. ఆయన కళ్లకు కనిపించినంత మేరకు అది నిజంగా చిన్న పనే. అందుకే అదనపు ఫీజు గురించి రాసే ఈమెయిల్‌లో మొదట ఉండాల్సింది ఆయనకు కనిపించని భాగం. డబ్బు సంగతి ఆ తర్వాత.

ఆ కనిపించని భాగమేమిటో చెబుతాను. క్లయింటు చూసే బొమ్మలు రెండే రకాలు. మొదట బూడిద రంగు మోడల్, తర్వాత రంగులేసిన మోడల్. ఆ రెంటి మధ్య మనం చేసే పనిని ఆయనకు ఎవరూ చూపించరు. చెక్కడమంతా ఉన్న బరువైన మోడల్ లక్షల త్రిభుజాలతో ఉంటుంది, దాన్ని ఫోన్ మొయ్యలేదు. అందుకని అదే ఆకారంతో తేలికపాటి మోడల్ ఇంకొకటి కడతాం. దాని ఉపరితలాన్ని తోలు ఒలిచినట్టు విప్పి ఒక చదరపు బొమ్మ మీద పరుస్తాం, అదే యూవీ. తర్వాత బేకింగ్. బరువైన మోడల్‌లో ప్రతి గాడీ ఎటు తిరిగి ఉందో నార్మల్ మ్యాప్‌లోకి, మూలల్లో ఎక్కడెక్కడ చీకటి పడుతుందో అక్లూజన్ మ్యాప్‌లోకి దిగుతాయి. చెక్కిన పద్మం అలా ఒక చదునైన బొమ్మలోకి వెళ్లిపోతుంది. రంగులు ఆ తర్వాతి మాట.

ఆయన ఉయ్యాల మొత్తాన్ని ఒకే షీటు మీద సర్దాను. 2048 పిక్సెళ్ల చదరపు బొమ్మ ఫైలుగా చిన్నదే కావచ్చు గానీ, ఫోన్ మెమరీలో విప్పుకుంటే ఒక్కొక్కటీ దాదాపు 16 ఎంబీ తింటుంది. రంగుకొకటి, నార్మల్‌కొకటి, మెరుపుకొకటి కావాలి కాబట్టి షీట్లు పెరిగితే పాత ఫోన్లు తడబడతాయి. ఒకే షీటులో పట్టాలని పొడుగాటి అడ్డపట్టీలను ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పరిచాను. ఇప్పుడు ఆ పట్టీలు పొడుగు పెరిగితే షీటులో చోటు లేదు. సర్దుడంతా మళ్లీ మొదలు. సర్దుడు మారితే ఆ షీటు మీద ఉన్న ప్రతి ముక్కనూ, గొలుసు కొక్కెంతో సహా, మళ్లీ బేక్ చెయ్యాలి. మారింది పొడుగు ఒక్కటే అయినా పని షీటంతటికీ పాకుతుంది.

ఇవన్నీ ఎత్తుకోకుండా మేనల్లుడి మాట ప్రకారమే సాగదీస్తే ఏమవుతుంది? ఊరికే వాదించడం దేనికని చేసి చూశాను. 250 మిల్లీమీటర్ల గుండ్రటి పద్మం 300 వెడల్పుతో కోడిగుడ్డులా తేలింది. 32 మిల్లీమీటర్ల కడ్డీలు ముందు నుంచి చూస్తే 38 దాటాయి, పక్కకొచ్చి చూస్తే 32 దగ్గరే ఉన్నాయి. లేత్ మీద తిప్పిన కడ్డీ అలా కోలగా రమ్మన్నా రాదు. కొనేవాడు ఫోన్ పట్టుకుని ఉయ్యాల చుట్టూ తిరుగుతాడు కాబట్టి ఇది దాగదు. ఇంకా అసలు చిక్కు ఏమిటంటే, ఆరడుగుల బల్లకు తొమ్మిది కడ్డీలు చాలవు, పదకొండు పడతాయి. సాగదీసిన మోడల్‌లో రెండు కొత్త కడ్డీలు ఇరికించి, మిగతావాటిని సమదూరంలో జరిపి చూశాను. పాత కడ్డీలు పట్టీకి తగిలిన చోట పడ్డ చీకటి మచ్చలు బేక్ అయిన చోటే ఉండిపోయాయి. పట్టీ మీద తొమ్మిది నీడలు, పదకొండు కడ్డీలు, దేని కింద ఏదో తెలియదు. పాత బేక్‌తో పని లాగించేసిన మోడల్‌ను ఇలాగే పట్టుకోవచ్చు. ఏ వస్తువూ ఆనని చోట నీడ కనిపిస్తే ఆకారం తర్వాత మారిందన్నమాట.

ఈ స్క్రీన్‌షాట్లు రెండూ మెయిల్‌కు జతచేశాను. మెయిల్ ఇది, పేర్లు తీసేసి యథాతథంగా:

"నమస్కారమండీ.

మీ మెసేజ్ విన్నాను. మీరు నాలుగు మార్పులు చెప్పారు. ఒక్కొక్కటీ విడిగా రాస్తున్నాను.

పాలిష్ ముదురు చెయ్యడం, గొలుసు మెరుపు తగ్గించడం మనం అనుకున్న పనిలోవే. రంగుల దశ ఇంకా నడుస్తోంది. రేపు సాయంత్రానికి పంపిస్తాను.

వెనక మర మేకులు కూడా నేనే పెడతాను, దీనికి అదనం లేదు. మీరు పంపిన ఫొటోల్లో వెనకవైపు లేదు, కానీ అడగాల్సింది నేను. ఒక ఫొటో తీసి పంపండి చాలు.

బల్లను అయిదడుగుల నుంచి ఆరడుగులు చెయ్యడం మాత్రం అనుకున్న పనికి బయటిది. కొలతల షీటులో పొడుగు అయిదడుగులని రాసుకున్నాం. బూడిద రంగు మోడల్‌కు నాలుగువైపుల బొమ్మలు పంపి, ఇక ఆకారం మారదని రాసినప్పుడు మీరు సరేనన్నారు. ఆ మెయిల్ కింద జతచేశాను. దాని మీద ఆధారపడి చేసిన పని మీకు బొమ్మల్లో కనపడదు గానీ, మొత్తం పనిలో పెద్ద భాగం అదే.

మీ మేనల్లుడు చెప్పినట్టు సాగదీసి చూశాను. మొదటి బొమ్మలో పద్మం చూడండి, రెండో బొమ్మలో కడ్డీల కింది నీడలు చూడండి. చెక్క నార మాత్రం సాగినా తెలియడం లేదు, ఆ ఒక్క విషయంలో ఆయన మాట నిజమే. మీ మేస్త్రి చేతిలో తయారైన అయిదడుగుల ఉయ్యాలను ఆరడుగులు చెయ్యమంటే లాగడు కదా, పట్టీలు కొత్తవి కోసి, కడ్డీలు రెండు ఎక్కువ తిప్పి, మళ్లీ బిగిస్తాడు. ఇక్కడా అంతే.

రెండు దారులున్నాయి.

మొదటిది: పట్టీలు పొడుగు చేసి, పద్మం గుండ్రంగానే ఉంచి, కడ్డీలు పదకొండు పెట్టి, షీటు మళ్లీ సర్ది, బేకింగ్, రంగులు తిరిగి చెయ్యడం. పన్నెండు గంటల పని. గంటకు 700 చొప్పున 8,400 రూపాయలు.

రెండోది: కడ్డీలు తొమ్మిదే ఉంచి, వాటి మధ్య ఎడం పెంచడం. షీటులో కడ్డీలు, పద్మం ఉన్న భాగాన్ని ముట్టుకోను, పట్టీలు, బల్ల మాత్రమే ఉన్న చోటులోనే కొత్తగా చేస్తాను. పట్టీల మీద వివరం కొంచెం తగ్గుతుంది, దగ్గరికొస్తే తప్ప తెలియదు. అయిదు గంటలు, 3,500 రూపాయలు. అయితే మీ మేస్త్రి ఆరడుగుల బల్లకు నిజంగా తొమ్మిదే పెడతారా? పెట్టకపోతే కొనేవారు చూసేది ఒకటి, ఇంటికి వచ్చేది ఇంకొకటి అవుతుంది.

అయిదడుగులదే ఉంచుకుంటే అదనం ఏమీ లేదు, మునుపు అనుకున్న తేదీకే ఇస్తాను. మీ జవాబు వచ్చేదాకా ఆరడుగుల పని మొదలుపెట్టను, మిగతా మూడూ కానిస్తుంటాను."

ఇంతే. ఇందులో ఒక్క "క్షమించాలి" లేదు. కావాలనే పెట్టలేదు. తప్పు లేని చోట క్షమాపణ చెబితే, అదనపు ఫీజు మన వైపు నుంచి జరిగిన ఇబ్బంది అన్నట్టు వినిపిస్తుంది, అక్కణ్ణుంచి బేరం మొదలవుతుంది. ఫలానా ఒప్పందంలో ఫలానా పేరా ప్రకారం అని కూడా మొదలుపెట్టలేదు. ఒప్పందం మాట వచ్చింది గానీ, ఏమేం ఉచితంగా చేస్తానో చెప్పాకే వచ్చింది. వరస ముఖ్యం. నాలుగు కోరికల్లో మూడింటికి సరేనన్న మనిషి నాలుగో దానికి డబ్బడిగితే వినేవాళ్లు వింటారు. మొదటి వాక్యంలోనే డబ్బడిగితే తర్వాతి మూడు సరేలూ ఎవరూ చదవరు.

ఇక నా అసలు వాదన. మన ఫ్రీలాన్సర్లలో ఎక్కువమంది కొటేషన్‌లో "రెండు రివిజన్లు ఉచితం, ఆపైన ఒక్కోదానికి ఇంత" అని రాస్తారు. ఎవరో రాసింది ఇంకొకరు దించుకుని ఇలా పాకిపోయింది. త్రీడీ పనికి ఈ షరతు పనికిరాదంటాను. రివిజన్ అంటే ఎంత? పాలిష్ ముదురు చేయడం ఒక రివిజనా? అలాగైతే అరగంట పనికి ఆయన కోటాలో ఒకటి ఖర్చయింది. ఆరడుగులు చేయడం కూడా ఒక రివిజనే కదా? అలాగైతే పన్నెండు గంటలు నేను ఉచితంగా చెయ్యాలి. ఈ ఉయ్యాల విషయంలో ఆ షరతు ఉండి ఉంటే, ఆయన నాలుగు కోరికలనూ ఒకే మెసేజ్‌లో చెప్పారు కాబట్టి అది ఒక్క రివిజన్ కిందే లెక్క, ఆరడుగులూ ఊరికే వస్తాయి. తెలివైన క్లయింటు చేసేదీ అదే. బావమరిదిని అడిగి, షాపులో కుర్రాణ్ణి అడిగి, అన్నీ పోగేసి ఒక్కసారే పంపుతాడు. తప్పు ఆయనది కాదు, మన షరతే ఆయనకు అలా నేర్పింది.

ఎన్నిసార్లు అన్నది వదిలేసి, ఎంత వెనక్కి అని అడగాలి. మార్పు ఇప్పుడు నడుస్తున్న దశలోనే తేలిపోతే అది మామూలు పని, పదిసార్లయినా చేస్తాను. గొలుసు మెరుపు తగ్గించడమంటే గరుకుదనం విలువ కాస్త పెంచడం, అంతే. మార్పు ఇప్పటికే సరేననుకున్న దశను తెరిపిస్తే, అక్కణ్ణుంచి ఇక్కడిదాకా మళ్లీ నడవాల్సిన గంటలకు డబ్బు. ఇదే ఆరడుగుల మాట బూడిద రంగు మోడల్ దశలో వచ్చి ఉంటే ఒక పూట పని. పైసా అడిగేవాణ్ణి కాదు. అదే మార్పుకు అప్పుడు సున్నా, ఇప్పుడు 8,400. ఆయనకు ఇది అర్థం కావాలంటే దశలు ముందే తెలిసుండాలి.

కాబట్టి ఈ మెయిల్ బలమంతా ఇందులో లేదు, అంతకుముందు పంపిన ఇంకో మెయిల్‌లో ఉంది. బేకింగ్‌కు వెళ్లేముందు ముందు, వెనక, పక్క, పై నుంచి నాలుగు బొమ్మలు, మీద కొలతలు రాసి, "దీని తర్వాత ఆకారం, కొలతలు మారిస్తే ఈ దశ నుంచి మళ్లీ చెయ్యాలి, ఆ గంటలకు వేరే లెక్క" అని రెండు లైన్లు రాసి, "సరే" అన్న జవాబు వచ్చేదాకా ఆగడం. ఫోన్లో సరేనన్నా, మెయిల్‌లో ఒక్క ముక్క రాయమని అడగడం మొహమాటమే. కానీ ఆ మొహమాటం ఒక్క నిమిషం ఉంటుంది, అది పడకపోతే తర్వాత రెండు వారాలు పడాలి.

చట్టం సంగతి అడిగేవాళ్లుంటారు కాబట్టి ఒక్క మాట. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 62వ సెక్షన్ ప్రకారం ఉన్న ఒప్పందాన్ని మార్చుకోవాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి. ఆయన ఒక్కడే ఆరడుగులు అనుకున్నా, నేనొక్కణ్ణే 8,400 అనుకున్నా ఒప్పందం మారదు. మెయిల్‌లో కుదిరిన ఒప్పందం ఎలక్ట్రానిక్ రూపంలో ఉందన్న ఒక్క కారణంతో చెల్లకుండా పోదని ఐటీ చట్టం 10ఏ సెక్షన్ చెబుతుంది. అందుకే స్టాంపు కాగితాలు లేకపోయినా ఆ "సరే" ముఖ్యం. అలాగని ఎనిమిది వేల కోసం ఎవరూ కోర్టుకు వెళ్లరు. ఇది తెలిసుండటం వల్ల ఉపయోగం ఒక్కటే, పని చేసేశాక డబ్బడగడం ఎందుకు బలహీనమో అర్థమవుతుంది. మంచితనం కొద్దీ ముందు చేసేసి, తర్వాత బిల్లులో కలిపితే, "నేను చెయ్యమన్నాను గానీ డబ్బిస్తానన్నానా?" అన్న ప్రశ్నకు మన దగ్గర జవాబు పలచగా ఉంటుంది. రేటు ముందు, ఒప్పుకోలు ఆ తర్వాత, చెయ్యడం చివర.

మర మేకుల విషయంలో నాకు అదనం అడిగే సాకు ఉంది. ఫొటో ఇవ్వలేదు, కొలతల షీటులో లేవు. కొందరు మిత్రులు అడగాల్సిందే అన్నారు. నేను ఒప్పుకోను. షీటులో రాసినదానికి భిన్నంగా నేను చేస్తే అది నా ఖర్చు, రాసిందాన్ని ఆయన మారిస్తే ఆయన ఖర్చు, ఇందులో తగువు లేదు. షీటులో ఏమీ రాయనిది మాత్రం నా వైపే పడాలి. ఉయ్యాలకు వెనకవైపు ఉంటుందని, కొనేవాడు వెనక్కి వెళ్లి చూస్తాడని ఫోన్‌లో చూపించే మోడళ్లు చేసేవాడికి తెలిసుండాలి, ఉయ్యాలలమ్మేవాడికి కాదు. పైగా అక్కడ మర మేకులు పెట్టడమంటే షీటులో మిగిలిన చిన్న మూలలో ఒక మేకును పరిచి, దాన్నే పదిచోట్ల వాడుకోవడం. దానికి బిల్లు వేస్తే ఆరడుగుల బిల్లు కూడా అలాంటిదే అనుకుంటారు.

ఉచితంగా చేసినదాన్ని కూడా బిల్లులో రాస్తాను. "వెనక మర మేకులు, రెండు గంటలు, 0 రూపాయలు" అని ఒక లైను. గొప్ప చెప్పుకోవడానికని కొందరు నవ్వుతారు, నవ్వనీ. చెప్పకుండా ఉచితంగా చేసిన పనికి విలువ ఉండదని కాదు, అసలు అది జరిగిందనే అవతలివాళ్లకు తెలియదు. తర్వాతి ప్రాజెక్టులో దాన్నే మామూలు అనుకుంటారు.

మంచితనం వాదన కూడా తరచూ వింటాను. "ఎనిమిది వేలకు చూసుకుంటే రేపు వచ్చే పది ఉయ్యాలల పని పోతుంది." పది ఉయ్యాలల పని వస్తుందేమో, కానీ ఏ రేటుకు వస్తుంది? మొదటిదానికి సైజు మార్పు ఊరికే అయితే, పదింటికీ సైజు మార్పులు ఊరికే. ఆయన దగ్గర నాలుగున్నర అడుగులు, అయిదు, ఆరు, ఏడు ఉన్నాయి మరి.

జవాబు మూడోరోజు వచ్చింది. ఆయన డబ్బు గురించి ఏమీ అనలేదు. రెండో దారిలో నేనడిగిన ప్రశ్న పట్టుకుని మేస్త్రి దగ్గరికి వెళ్లారట. మేస్త్రి చెప్పింది నేనూ ఊహించలేదు. ఆరడుగుల బల్లకు కడ్డీలు పదకొండే, కానీ పద్మం కూడా మూడంగుళాలు పెద్దది చెక్కుతాడట, లేకపోతే వెలితిగా కనిపిస్తుందట. అంటే మొదటి దారి కూడా సరిపోదు, పద్మాన్ని పెద్ద సైజులో తిరిగి చెక్కాలి. ఇంకో మూడు గంటలు, మొత్తం 10,500 అని రాశాను. సగం ముందు పంపి, "అయిదడుగులది కూడా ఉంచండి, రెండూ పెడదాం" అన్నారు.

అయిదడుగులది ఎలాగూ అయిపోవచ్చింది కాబట్టి దానికి మళ్లీ లెక్క వేయలేదు. ఫైళ్లకు మాత్రం పేర్లలో సైజు చేర్చి, `uyyala_5ft.glb`, `uyyala_6ft.glb` అని విడివిడిగా పంపాను, ఐఫోన్ల కోసం అవే రెండూ `usdz` లో. కొత్త కొటేషన్లలో "రెండు రివిజన్లు" అన్న మాట తీసేసి దశల పట్టిక పెట్టాను, కొలతల షీటులో కొత్తగా ఒక గడి చేర్చాను: ఈ వస్తువు ఇంకే సైజుల్లో అమ్ముతారు, సైజు మారితే మేస్త్రి ఏమేం మారుస్తాడు.